చెంగ్డూలో రాత్రి తొమ్మిదిన్నర: చైనా జాతకంలో నాలుగు స్తంభాల లెక్క

చైనాలోని చెంగ్డూ నగరంలో 2000 ఫిబ్రవరి 4న, గడియారం ప్రకారం రాత్రి 9:30కి ఒక పాప పుట్టిందనుకుందాం. ఆ ఏడాది చైనా కొత్త సంవత్సరం మర్నాడు, ఫిబ్రవరి 5న వచ్చింది. కాబట్టి ఇంట్లోవాళ్లు పాపది కుందేలు సంవత్సరమే అంటారు. ఏడాది ఆఖరి రాత్రి పుట్టిందని మురిసిపోతారు కూడా. జాతకం రాసే మనిషి మాత్రం తల అడ్డంగా ఊపి, పాపది డ్రాగన్ సంవత్సరం అంటాడు. అంతటితో ఆగడు. ఆసుపత్రి కాగితం మీద ఉన్న తొమ్మిదిన్నర కూడా తన లెక్కకు పనికిరాదని, అది ఎనిమిదీ పన్నెండు అని చెబుతాడు.

వినడానికి మొండితనంలా ఉంటుంది. అతని పద్ధతి తెలిస్తే మాత్రం రెండు మాటలూ సరైనవే. చైనావాళ్లు బాజీ అనే ఈ జాతకంలో నాలుగు స్తంభాలుంటాయి. అవి సంవత్సరం, నెల, రోజు, గంట. ఈ నాలుగూ ఒకే చోట మొదలయ్యే లెక్కలు కావు. దేని సరిహద్దు దానిదే. ఆ సరిహద్దులు ఎక్కడున్నాయో తెలియకుండా పేర్లు, గుణాలు బట్టీ పడితే చార్టు మొదట్లోనే తప్పుతుంది. ఈ పాప పుట్టిన రాత్రి ఆ సరిహద్దుల్లో రెండు పక్కపక్కనే పడ్డాయి కనుక ఆమె చార్టునే వేసి చూద్దాం.

ముందు ఆ రాతలో వాడే అక్షరాల సంగతి. బాజీ అంటే ఎనిమిది అక్షరాలు. ఒక్కో స్తంభంలో పైన ఒకటి, కింద ఒకటి చొప్పున నాలుగు స్తంభాలకు ఎనిమిది. పైనుండేది ఆకాశ కాండం, కిందుండేది భూమి కొమ్మ. కాండాలు పది. చెట్టు, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే అయిదు తత్త్వాలకు యాంగ్ రూపం ఒకటి, యిన్ రూపం ఒకటి. అదే వరసలో 1 యాంగ్ చెట్టు, 2 యిన్ చెట్టు, 3 యాంగ్ నిప్పు అంటూ పోతే 9 యాంగ్ నీరు, 10 యిన్ నీరు అవుతాయి. కొమ్మలు పన్నెండు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది అని మనం రెస్టారెంట్ల గోడల మీద చూసే జంతువులు ఈ కొమ్మలకు తగిలించిన ముద్దుపేర్లే.

పది పళ్ల చక్రం, పన్నెండు పళ్ల చక్రం కలిసి తిరుగుతుంటాయి. రెండూ ఒక్కో పన్ను చొప్పున జరిగితే మొదటి జత మళ్లీ అరవయ్యో అడుగు తర్వాతే కలుస్తుంది. పదిని పన్నెండుతో గుణిస్తే 120 కదా, మిగతా 60 ఏమయ్యాయి అని అనిపించవచ్చు. రెండు చక్రాలూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి బేసి బేసితోనే, సరి సరితోనే జతపడుతుంది. యాంగ్ చెట్టు ఎద్దుతో ఎప్పటికీ కలవదు.

అరవై అనగానే తెలుగువాళ్లకు ప్రభవ, విభవ గుర్తుకు రావడం సహజం. రెండు అరవైలూ ఒకేచోట మొదలవవు. చైనా చక్రం తాజాగా 1984లో మొదలైంది, మన పంచాంగంలో అది రక్తాక్షి. మన ప్రభవ 1987లో వచ్చింది, చైనా లెక్కలో అది యిన్ నిప్పు, కుందేలు. టిబెట్ వాళ్లకు ఈ రెండు సంప్రదాయాలూ అందాయి. వాళ్లు జంతువుల పేర్లు చైనా నుంచి తీసుకున్నారు, చక్రాన్ని మాత్రం మనలాగే ప్రభవతో మొదలుపెట్టారు. అలా 1027లో మొదలైన వాళ్ల తొలి చక్రానికి మొదటి ఏడాది కూడా నిప్పు, కుందేలే. చైనా ప్రత్యేకత ఏమిటంటే వాళ్లు ఏళ్లతో ఆగలేదు. నెలల్నీ, రోజుల్నీ, గంటల్నీ కూడా ఇదే అరవైతో లెక్కపెట్టారు. నాలుగు స్తంభాలంటే అసలు సంగతి అదే. ఒకే అంకెల పద్ధతిలో నాలుగు వేర్వేరు గడియారాలు.

ఇప్పుడు పాప సంవత్సరం. ఇక్కడ చాంద్రమాన కొత్త సంవత్సరానికి పని లేదు. జాతకానికి ఏడాది లీచున్‌తో మొదలవుతుంది. వసంతం నిలిచే వేళ అని ఆ మాటకు అర్థం. సూర్యుడు సాయన లెక్కలో 315 డిగ్రీలు చేరే క్షణమది, ప్రతి ఏటా ఫిబ్రవరి 4 చుట్టూ వస్తుంది. మన సంక్రాంతి లాంటిదే అనుకోవచ్చు, కానీ మనం సూర్యుణ్ణి నక్షత్రాల నుంచి కొలుస్తాం, వాళ్లు విషువత్తు నుంచి కొలుస్తారు. 2000లో లీచున్ బీజింగ్ టైం ప్రకారం ఫిబ్రవరి 4 రాత్రి 8:40కి వచ్చింది. పాప 9:30కి పుట్టింది. యాభై నిమిషాల తేడాతో కొత్త ఏడాదిలోకి వచ్చేసింది.

ఏడాది పేరు కట్టడం తేలిక. సంవత్సరం అంకెలోంచి 3 తీసేసి, 60తో భాగించి, శేషం చూడాలి. 1997ని భాగిస్తే శేషం 17. ఒకట్ల స్థానంలోని 7 కాండాన్ని చెబుతుంది, ఏడోది యాంగ్ లోహం. పదిహేడులోంచి 12 తీసేస్తే 5, అయిదో కొమ్మ డ్రాగన్. మొదటి స్తంభం యాంగ్ లోహం, డ్రాగన్. గంటసేపు ముందు పుట్టి ఉంటే పదహారోది, యిన్ మన్ను, కుందేలు అయ్యేది.

నెల కూడా సూర్యుడిదే. అమావాస్యలూ అధిక మాసాలూ దీనికి పట్టవు. సూర్యుడు 30 డిగ్రీలు కదిలినప్పుడల్లా ఒక నెల మారుతుంది. లీచున్‌తో మొదలయ్యే నెలకు కొమ్మ ఎప్పుడూ పులే. కాబట్టి ఏడాది మారిన ఆ క్షణంలోనే నెల కూడా మారింది. పులి మీద ఏ కాండం కూర్చుంటుందో విడిగా వెతకనక్కర్లేదు. పన్నెండు నెలలు అయిదేళ్లకు అరవై అవుతాయి కనుక ప్రతి అయిదేళ్లకూ నెలల పేర్లు మొదటికి వస్తాయి. అంటే ఏడాది కాండం తెలిస్తే నెల కాండం దానంతటదే తేలుతుంది. దీన్ని గుర్తుంచుకోవడానికి చైనాలో అయిదు పులుల సూత్రం అని ఒక పద్యంలాంటిది చదువుతారు. పద్యం రానివాళ్లకు కూడిక చాలు. ఏడాది కాండం అంకెను రెట్టింపు చేసి ఒకటి కలపాలి. ఏడును రెట్టించి ఒకటి కలిపితే 15, పది తీసేస్తే 5. అది యాంగ్ మన్ను. రెండో స్తంభం యాంగ్ మన్ను, పులి.

రోజు దగ్గర సూర్యుడితో పని లేదు, చంద్రుడితోనూ లేదు. ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావడమే. రాజ్యాలు మారినా, క్యాలెండర్లు సంస్కరించినా ఈ లెక్క తన దారిన నడుస్తూ వచ్చింది. మన వారాల్లాగే అనుకోవచ్చు, ఏ నెలైనా ఏ ఏడాదైనా సోమవారం తర్వాత మంగళవారమే కదా. ఈ లెక్కకు ఒక తెలిసిన రోజు చేతిలో ఉంటే చాలు. 2000 జనవరి 1 చక్రంలో 55వ రోజు. ఫిబ్రవరి 4 దానికి 34 రోజుల తర్వాతది. కలిపితే 89, అరవై తీసేస్తే 29. ఇరవై తొమ్మిది అంటే తొమ్మిదో కాండం యాంగ్ నీరు, అయిదో కొమ్మ డ్రాగన్. మూడో స్తంభం యాంగ్ నీరు, డ్రాగన్.

ఈ మూడో స్తంభం పైభాగమే ఇవాళ జాతకానికి కేంద్రం. ఆ కాండాన్నే మనిషిగా తీసుకుంటారు, మిగతా ఏడు అక్షరాలు అతని చుట్టూ ఉన్న లోకం. మొదట్లో ఇలా లేదు. తాంగ్ రాజుల కాలంలో లీ శూజోంగ్ అనే అధికారి ఉండేవాడు, 813లో పోయాడు. పుట్టిన ఏడాది, నెల, రోజుల కాండాలూ కొమ్మలూ చూసి అతను ఆయుష్షు, భాగ్యం చెప్పేవాడని అతని సమాధి కోసం రచయిత హాన్ యూ రాసిన వ్యాసంలో ఉంది. ఆ రోజుల్లో బరువంతా సంవత్సరం మీదే ఉండేది. గంటను గట్టిగా చేర్చి, రోజు కాండాన్ని నడిమధ్యకు తెచ్చిన మార్పు తర్వాతి కాలంలో వచ్చింది. సంప్రదాయం దాన్ని శూ జిపింగ్ పేరు మీద చెప్పుకుంటుంది. అందుకే ఈ విద్యను ఇప్పటికీ జిపింగ్ పద్ధతి అంటారు. ఒకే ఏడాది పుట్టిన ఊరంతటికీ ఒకే ఫలం చెప్పకుండా తప్పించుకోవడానికి ఇది మంచి ఎత్తు. లోకంలో మాత్రం పాత అలవాటు పోలేదు. జపాన్‌లో 1966 నిప్పు గుర్రం సంవత్సరం. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలు మొగుణ్ణి మింగేస్తారన్న నమ్మకంతో జనం పిల్లల్ని కనడమే వాయిదా వేశారు. అంతకుముందు ఏడాది 18 లక్షల పైచిలుకు ఉన్న జననాలు 13.6 లక్షలకు పడిపోయి, మరుసటి ఏడాది 19 లక్షలు దాటాయి. నాలుగు స్తంభాల పండితుడు దీన్ని ఒప్పుకోడు. ఎనిమిది అక్షరాల్లో రెండు చూసి మిగతా ఆరు వదిలేయడమేమిటి అంటాడు. 2026 కూడా నిప్పు గుర్రమే.

ఇక గంట. రోజుకు పన్నెండు జాములు, ఒక్కోటి రెండు గంటలు. రాత్రి 11 నుంచి 1 దాకా ఎలుక, 1 నుంచి 3 దాకా ఎద్దు, అలా సాగి రాత్రి 7 నుంచి 9 దాకా కుక్క, 9 నుంచి 11 దాకా పంది. తొమ్మిదిన్నర అంటే పంది అనుకుంటాం. ఇక్కడే గడియారం మోసం చేస్తుంది. ఈ జాములు నిర్ణయించింది సూర్యుడి నీడతో. నడినెత్తిన సూర్యుడుంటే అది గుర్రం జాము మధ్య, అంతే. చైనా దేశమంతా ఇప్పుడు ఒకే టైం వాడుతోంది, ఆ టైం 120 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. చెంగ్డూ 104 డిగ్రీల దగ్గరుంది. పదహారు డిగ్రీల తేడా, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 64 నిమిషాలు. దీనికి తోడు సూర్యుడు ఏడాది పొడవునా గడియారంతో సమంగా నడవడు. ఫిబ్రవరి మొదట్లో దాదాపు 14 నిమిషాలు వెనకబడి ఉంటాడు. రెండూ తీసేస్తే 9:30 కాస్తా 8:12 అవుతుంది. పాప పుట్టింది కుక్క జాములో.

గంట కాండానికి కూడా కూడికే దారి. అయిదు రోజులకు అరవై జాములు కనుక రోజు కాండమే దీన్ని నిర్ణయిస్తుంది. రోజు కాండం అంకెను రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే ఆ రోజు ఎలుక జాముకు కాండం దొరుకుతుంది. తొమ్మిదిని రెట్టించి ఒకటి తీస్తే 17, అంటే 7. ఎలుక మొదటిది, కుక్క పదకొండోది, పది అడుగులు జరిగితే మళ్లీ ఏడు దగ్గరికే వస్తాం. నాలుగో స్తంభం యాంగ్ లోహం, కుక్క.

లెక్కలో ఎక్కువమంది జారిపడే చోటు ఇదే. టైం సవరించాలని తెలిసిన మనిషి ఉత్సాహంగా 8:12 చేతపట్టుకుని మళ్లీ వెనక్కి వెళ్లి, లీచున్ 8:40కి కదా, ఇంకా రాలేదు కదా అంటాడు. అలా అంటే పాప మళ్లీ కుందేలు అయిపోతుంది. లీచున్ అనేది భూమి మొత్తానికి ఒకే క్షణం. 8:40 అని మనం చెప్పింది బీజింగ్ గడియారంలో, కాబట్టి పోల్చవలసింది కూడా బీజింగ్ గడియారంలోని 9:30తోనే. చెంగ్డూ సూర్యుడి టైంలో చెప్పాలంటే ఆ లీచున్ కూడా 7:22కే వచ్చినట్టు. ఏడాదికీ నెలకూ క్షణం కావాలి, గంటకు ఊరి సూర్యుడు కావాలి. రెంటినీ కలిపితే చార్టు చెడుతుంది. మొబైల్ యాప్‌లలో సూర్యుడి టైం అనే మీట నొక్కినప్పుడు పుట్టిన ఏడాది జంతువు మారిపోతే, ఆ యాప్ ఈ తప్పే చేస్తోందని పట్టేయవచ్చు.

సింగపూర్ సంగతి చెంగ్డూ లాంటిదే. అది కూడా 104 డిగ్రీల దగ్గరే ఉంది, 1982 నుంచి బీజింగ్ టైంతో సమానమైన టైం పాటిస్తోంది. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలకు ఎవరైనా సరదాగా ఈ చార్టు వేయిస్తే దాదాపు గంట వెనక్కి జరపాలి. చైనాలో 1986 నుంచి 1991 దాకా వేసవుల్లో గడియారాలు ఒక గంట ముందుకు జరిపేవారు, ఆ ఏళ్లలో పుట్టినవారికి ఆ గంట కూడా తీసేయాలి. సూర్యుడి సవరణ అక్కర్లేదు, గడియారం చాలు అనే గురువులూ ఉన్నారు. రాత్రి 11 దాటగానే రోజు మారుతుందా, అర్ధరాత్రికి మారుతుందా అన్న తగువు అయితే ఇంకా తేలలేదు. ఆ గంటలో పుట్టినవారికి రెండు వేర్వేరు రోజు స్తంభాలు, అంటే రెండు వేర్వేరు 'నేను'లు చెప్పే పండితులు పక్కపక్క వీధుల్లోనే దొరకవచ్చు.

పాప చార్టు సిద్ధమైంది. యాంగ్ లోహం డ్రాగన్, యాంగ్ మన్ను పులి, యాంగ్ నీరు డ్రాగన్, యాంగ్ లోహం కుక్క. ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం వేస్తే యిన్ మన్ను కుందేలు, యిన్ నిప్పు ఎద్దు, యాంగ్ నీరు డ్రాగన్, యిన్ లోహం పంది వచ్చేది. ఒక్క రోజు స్తంభం తప్ప మూడూ మారిపోయాయి.

ఈ మార్పు ఫలితంలో ఎలా తేలుతుందో చూస్తే చదివే పద్ధతి కూడా కొంత అర్థమవుతుంది. రెండు చార్టుల్లోనూ మనిషి యాంగ్ నీరే, పెద్ద నది లాంటిది అంటారు. మొదట అడిగే ప్రశ్న, ఈ నీటికి బలముందా అని. బలం చెప్పడంలో నెల కొమ్మదే పెద్ద మాట, ఎందుకంటే అది రుతువు. పులి నెల వసంతం, చెట్టు బలిసే కాలం. నీరు చెట్టుకు ఆహారమైపోయి సన్నబడుతుంది. పైగా ఈ చార్టులో రెండు డ్రాగన్లు, ఒక కుక్క, నెల మీద మరో మన్ను ఉన్నాయి. మన్ను నీటికి కట్టవేస్తుంది. ఆదుకునేవి పైనున్న రెండు లోహాలు. మన్ను లోహాన్ని పుట్టిస్తుంది, లోహం నీటిని పుట్టిస్తుంది, కాబట్టి ఒత్తిడి నేరుగా నీటి మీద పడకుండా లోహం గుండా వచ్చి మేలుగా మారుతుంది. ఇలాంటి చార్టుకు చాలామంది లోహం, నీరు మంచివంటారు. రెండో చార్టులో నెల ఎద్దు, చలికాలం. గంట కింద పంది ఉంది, యాంగ్ నీటికి అది సొంతిల్లు. అక్కడ నీరు బలంగా, చల్లగా ఉంది కనుక నిప్పు, చెట్టు కావాలని చెప్పే అవకాశమే ఎక్కువ. యాభై నిమిషాలు, ఒక రేఖాంశం సవరణ, వీటితో సలహా తలకిందులైంది.

మొదటి చార్టులో నిప్పు ఒక్కటీ లేదే అని కూడా కొందరు కంగారు పడతారు. యాప్‌లు రంగురంగుల వృత్తం గీసి నిప్పు సున్నా అని చూపిస్తాయి, ఆపైన ఎర్ర బట్టలు కట్టమనో, పేరులో నిప్పు పెట్టమనో సలహా. కొమ్మలకు కడుపులో కాండాలుంటాయన్న సంగతి ఆ వృత్తంలో ఉండదు. పులిలో యాంగ్ చెట్టుతో పాటు యాంగ్ నిప్పు ఉంది, కుక్కలో యిన్ నిప్పు ఉంది. డ్రాగన్లలో కొంచెం నీరు కూడా దాగి ఉంది. పైకి కనిపించే ఎనిమిదినే లెక్కపెట్టి లోటు చెప్పడం కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పని.

దశల్లాంటివి కూడా ఈ చార్టులోంచే వస్తాయి. నెల స్తంభం నుంచి పదేళ్లకొక స్తంభం జరుపుకుంటూ పోతారు. యాంగ్ ఏడాదిలో పుట్టిన మగపిల్లవాడికి ముందుకు, ఆడపిల్లకు వెనక్కి. యిన్ ఏడాది అయితే అటుది ఇటు. మొదటి దశ ఎప్పుడు మొదలవుతుందో తెలియాలంటే ఆ దిక్కులో నెల సరిహద్దు ఎన్ని రోజుల దూరంలో ఉందో చూసి మూడు రోజులకు ఒక ఏడాది కట్టాలి. మన పాప యాంగ్ ఏడాదిది, వెనక్కి చూస్తే సరిహద్దు యాభై నిమిషాల దూరంలోనే ఉంది. అంటే పుట్టిన నాలుగో రోజుకే మొదటి దశ మొదలు. అదే క్షణంలో పక్క మంచం మీద మగపిల్లవాడు పుట్టి ఉంటే ముందుకు చూడాలి, మార్చి 5 దాకా దాదాపు ముప్పై రోజులు, కాబట్టి పదేళ్లు నిండే దాకా మొదటి దశే ఉండదు. కవలల్లో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ఒకే చార్టు నుంచి రెండు జీవితాలు చెప్పే వీలు ఇక్కడ దొరుకుతుంది. ఇద్దరూ ఆడపిల్లలే అయితే మాత్రం దొరకదు.

మన జాతకం తెలిసినవారికి ఇందులో కొట్టొచ్చినట్టు కనపడే లోటు ఒకటుంది. ఇక్కడ శని లేడు, గురువు లేడు, చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న ప్రశ్నే లేదు. ఆకాశం నుంచి తీసుకున్నది సూర్యుడి రుతువునూ, రోజులో సూర్యుడి ఎత్తునూ మాత్రమే. మిగతాదంతా లెక్కింపు. పైగా నెల కాండం ఏడాదిలోంచి, గంట కాండం రోజులోంచి వస్తున్నాయి కనుక ఎనిమిది అక్షరాలున్నా స్వతంత్రంగా మారేవి అన్ని లేవు. ఏడాదికి 60, నెలకు 12, రోజుకు 60, గంటకు 12. గుణిస్తే 5,18,400 చార్టులు. ఏడాదిలో రెండు గంటల జాములు 4,380. ప్రపంచంలో ఏటా 13 కోట్ల మంది దాకా పుడుతున్నారు. సగటున చూస్తే జాముకు ముప్పై వేల మంది ఒకే చార్టుతో, అందులో సగం మంది ఒకే దశలతో కూడా. దీనికి పండితులు పుట్టిన ఊరు, ఇంటి స్థితి, పూర్వీకుల సమాధుల దిక్కు అంటూ చార్టు బయటి సంగతులు తెచ్చి జవాబు చెబుతారు. ఫలం నిజమా కాదా అనేది ఈ లెక్కతో తేలే విషయం కాదు, అది నిజమని చూపే రుజువూ లేదు.

లెక్క వరకు మాత్రం ఎవరైనా సరిచూడవచ్చు. ఎవరైనా చార్టు వేసి ఇస్తే అర్థాల జోలికి పోకముందే కింది కొమ్మనూ పై కాండాన్నీ చూడండి. యాంగ్ కాండం ఎద్దు మీదో, కోడి మీదో కూర్చుని కనిపిస్తే ఆ కాగితం మడిచి పక్కన పెట్టేయవచ్చు.